46,340 దాకా చూస్తే చాలు

2021 జనవరిలో బడులు తెరవక, ఆన్‌లైన్ క్లాసులు ముగిశాక పొద్దుపోక, మా మేనకోడలు నోట్‌బుక్ చివరి పేజీ నిండా భాగహారాలు చేసింది. అప్పుడు ఎనిమిదో తరగతి. పేజీ నా ముందు పెట్టి, "మావయ్యా, ఈ సంవత్సరం ప్రధాన సంఖ్య" అంది. 2, 3, 5, 7, 11, 13, 17, 19 అన్నిటితో 2021ని భాగించి చూసింది. ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగిలింది. "పంతొమ్మిదో ఎక్కం దాకా ఎందులోనూ పోలేదు. ఇంకెందులో పోతుంది?"

ఎక్కడా లెక్క తప్పలేదు. శేషాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆగిన చోటు తప్పు. 2021 అంటే 43 ఇంటూ 47. ఇంకో ఆరు మెట్లు ఎక్కి ఉంటే, అంటే 23, 29, 31, 37, 41, 43 కూడా చూసి ఉంటే, ఆ చివరి మెట్టు మీద శేషం సున్నా వచ్చేది.

అప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది. "మరి ఎక్కడ ఆగాలి? 2020 దాకా చెయ్యాలా?" ఇది ప్రధాన సంఖ్యలను పరీక్షించిన ప్రతివాళ్లకూ ఎదురైన ప్రశ్నే. ఇటలీలో ఫిబొనాచీ 1202లో రాసిన లిబర్ అబాకి గ్రంథంలోనే దీనికి జవాబు ఉంది. ఆ సంఖ్య వర్గమూలం దాకా చూస్తే చాలు. 2021కి వర్గమూలం 44.95 చిల్లర. కాబట్టి 44 దాటి వెళ్లక్కర్లేదు. 44లోపు చిట్టచివరి ప్రధాన సంఖ్య 43. ఆ చిట్టచివరిదే 2021ని పట్టిచ్చింది. మా మేనకోడలికి అంతకన్నా మంచి ఉదాహరణ వెతికినా దొరికేది కాదు.

వర్గమూలం దగ్గర ఎందుకు ఆగవచ్చో చింతగింజలతో చూపిస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. 36 గింజలు తీసుకుని వరసలుగా పేర్చండి. రెండు వరసలైతే వరసకు 18. మూడు వరసలైతే 12. నాలుగైతే 9. ఆరైతే 6. వరసలు పెరిగేకొద్దీ ఒక్కో వరస పొట్టిదవుతూ వస్తుంది. ఆరు దగ్గర రెండూ సమానమై నలుచదరం ఏర్పడుతుంది. ఇక తొమ్మిది వరసలు పేర్చితే వరసకు 4 వస్తాయి. అది కొత్త పేర్పు కాదు. నాలుగు వరసల పేర్పునే పక్కనుంచి చూసినట్టు. 12 వరసలూ అంతే, 18 వరసలూ అంతే. నలుచదరం దాటాక కనిపించేవన్నీ ముందు చూసినవే, తిరగబడి వస్తాయి.

ఇదే మాటను సంఖ్యల్లో చెప్పాలంటే, ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే ఆ రెండూ వర్గమూలం కంటే పెద్దవి కావడం కుదరదు. రెండూ పెద్దవైతే లబ్ధం అసలు సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి జంటలో కనీసం ఒకటి వర్గమూలానికి ఇవతలే ఉండాలి. ఇవతల ఒక్కటీ లేదని తేలిందంటే అవతల వెతకక్కర్లేదు, జంటే లేదు. ఇక్కడ "కనీసం ఇవతల ఒకటి" అన్న మాటలో వర్గమూలం కూడా కలిసే ఉందని మరవకూడదు. 1681కి వర్గమూలం సరిగ్గా 41. నలభై దాకా చూసి "వర్గమూలం లోపల ఏమీ లేవు" అనుకుంటే తప్పు జరిగిపోతుంది, ఎందుకంటే 1681 అంటే 41 ఇంటూ 41. పరీక్ష గోడకు కాస్త ఇవతల కాదు, గోడను తాకేదాకా జరగాలి.

అలాగే అన్ని సంఖ్యలతోనూ భాగించనక్కర్లేదు, ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. రెండో ఎక్కంలో పోని సంఖ్య ఆరో ఎక్కంలోనూ పోదు, పద్నాలుగో ఎక్కంలోనూ పోదు. అందుకే 2021 లాంటి సంఖ్యకు పని మొత్తం 14 భాగహారాలే. 2027కూ అవే పద్నాలుగు, ఎందుకంటే దాని వర్గమూలం 45ను చిన్న చిల్లర మాత్రమే దాటుతుంది. ఓపిక ఉన్నవాళ్లు కాగితం తీసి చేసి చూడవచ్చు. 7తో 4 మిగులుతుంది, 13తో 12, 29తో 26, 37తో 29, చివరగా 43తో 6. పద్నాలుగింటిలో ఒక్కటీ సున్నా కాదు. 2027 ప్రధాన సంఖ్యే. ఇది ఊహ కాదు, నమ్మకం కాదు, పద్నాలుగు భాగహారాల రుజువు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఈ సంగతే. మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో ఉండేది "ఇప్పటిదాకా దొరకలేదు" అన్న ఒక్క మాట. గోడను తాకిన క్షణాన అదే మాట "లేదు" అయిపోతుంది. చివరి ఒక్క భాగహారం చెయ్యకపోతే మిగతావన్నీ కలిసినా రుజువు కావు.

ఈ తేడాను పెద్ద ఎత్తున చూడాలంటే ఇటలీలోని బొలోన్యా నగరానికి వెళ్లాలి. అక్కడి పియెట్రో కటాల్డి 1588లో రెండు పెద్ద సంఖ్యలు ప్రధానాలని చూపించాడు. ఒకటి 1,31,071. రెండోది 5,24,287. ఈ రెండిటికీ ఒక పోలిక ఉంది. 2ను 17 సార్లు వేసుకుని గుణించి ఒకటి తీసేస్తే మొదటిది వస్తుంది, 19 సార్లు గుణించి ఒకటి తీసేస్తే రెండోది వస్తుంది. కాగితం మీద 2¹⁷ − 1, 2¹⁹ − 1 అని రాస్తాం. ఇలాంటి ప్రధాన సంఖ్య దొరికితే దానితో పాటు ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది. తన భాజకాలన్నీ, తనను వదిలేసి, కూడితే తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6కు 1, 2, 3 భాజకాలు, వాటి మొత్తం మళ్లీ 6. కటాల్డి వెతుకులాట వాటికోసమే.

ఆయన చేతిలో ఉన్న సాధనం ఒక్కటే. 750 దాకా ఉన్న ప్రధాన సంఖ్యల పట్టికను ఆయన తయారు చేసుకున్నాడు. 5,24,287 వర్గమూలం 724 చిల్లర. పట్టిక 750 దాకా ఉంది కాబట్టి గోడ పట్టికలోపలే ఉంది. 724 లోపు ప్రధాన సంఖ్యలు 128. అంటే 128 భాగహారాలు, అన్నీ చేత్తో. ప్రతి ఒక్కటీ ఆరు అంకెల సంఖ్యను రెండంకెలతోనో మూడంకెలతోనో భాగించడం. ఓపికగా చేస్తే కొద్ది రోజుల్లో అయిపోయే పని. ఆ పని పూర్తి చేశాక 5,24,287 ప్రధానమన్న ఆయన మాటను కాదనడానికి ఎవరికీ వీలు లేకపోయింది. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ రుజువు చెక్కు చెదరలేదు.

కానీ కటాల్డి అక్కడ ఆగలేదు. 23, 29, 31, 37 ఘాతాలకు కూడా ఇలాగే ప్రధాన సంఖ్యలు వస్తాయని రాశాడు. ఇక్కడ పట్టిక సరిపోదు. 2²³ − 1 అంటే 83,88,607. దాని వర్గమూలం 2896 చిల్లర. పట్టిక ఆగిన చోటికి గోడ ఇంకా చాలా దూరంలో ఉంది. ఆ మధ్య ఉన్న ప్రధాన సంఖ్యలతో పరీక్షించకుండా "ప్రధానం" అనడానికి ఆధారం లేదు. మరీ బాధ కలిగించేది ఏమిటంటే, పట్టిక చాలకపోవడం వల్ల కూడా ఇక్కడ తప్పు జరగలేదు. 83,88,607 అంటే 47 ఇంటూ 1,78,481. ఆ 47 ఆయన పట్టిక మొదటి వరసల్లోనే ఉంది. అంటే ఈ సంఖ్యను చివరిదాకా పరీక్షించడం మాట అటుంచి, మొదటి పదిహేను భాగహారాలు చేసినా దొరికిపోయేది. ఎందుకంటే 47 పదిహేనో ప్రధాన సంఖ్య.

1640లో ఫెర్మా 23, 37 రెండూ తప్పని చూపించాడు. 29 కూడా తప్పేనని ఆ తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ చెప్పాడు. అది 233, 1103, 2089 అనే మూడు ప్రధానాల లబ్ధం. ఇక నాలుగింటిలో మిగిలింది 31 ఒక్కటే.

2³¹ − 1 అంటే 2,14,74,83,647. మాటల్లో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. దీని వర్గమూలం 46,340.95. కాబట్టి గోడ 46,340 దగ్గర. అప్పటిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 4,792. పది అంకెల సంఖ్యను నాలుగంకెల, అయిదంకెల సంఖ్యలతో 4,792 సార్లు చేత్తో భాగించాలి. రోజుకు ముప్పై చొప్పున చేసినా దాదాపు అయిదున్నర నెలలు పడుతుంది, అది కూడా ఒక్క శేషం దగ్గరా పొరపాటు జరగకుండా. 1772లో ఆయిలర్ ఈ సంఖ్య ప్రధానమని బెర్లిన్‌లో ఉన్న బెర్నూలీకి రాసిన లేఖలో తెలియజేశాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. 1771లో కంటి పొర తీసిన చికిత్స వికటించి చూపు దాదాపు పూర్తిగా పోయింది. లెక్కలు మనసులోనే కట్టి, మరొకరి చేత రాయించుకునే రోజులు.

ఆయిలర్ 4,792 భాగహారాలు చెయ్యలేదు. అలాగని గోడను కూడా జరపలేదు. 46,340 అక్కడే ఉంది. ఆయన చేసిందల్లా, ఆ గోడకు ఇవతల ఉన్న ప్రధాన సంఖ్యల్లో ఏవి ఈ సంఖ్యను భాగించే అవకాశమే లేనివో ముందుగా తర్కంతో ఏరి పారెయ్యడం. ఆ ఏరివేత ఎలాగో చిన్న సంఖ్య మీద చూద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఈ కథలో అసలు కిటుకు ఇదే.

2¹¹ − 1 అంటే 2047. ఇది 23 ఇంటూ 89. ఇప్పుడు 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, 23 దాటితే 23 తీసేస్తూ వెళ్దాం. 1, 2, 4, 8, 16. తర్వాత 32, అందులోంచి 23 తీస్తే 9. తర్వాత 18. తర్వాత 36లోంచి 23 పోతే 13. తర్వాత 26లోంచి 23 పోతే 3. తర్వాత 6, 12. తర్వాత 24లోంచి 23 పోతే 1. మళ్లీ మొదటికే వచ్చాం. రెట్టింపులు లెక్కపెడితే సరిగ్గా పదకొండు. అలా రావడం అనుకోకుండా జరిగింది కాదు. 23 అనేది 2¹¹ − 1ని భాగిస్తుందంటే అర్థం, 2ను పదకొండు సార్లు గుణించి 23తో భాగిస్తే 1 మిగులుతుందనే. అంటే పదకొండో రెట్టింపు దగ్గర చక్రం మొదటికి రావాల్సిందే.

దీనికి ఫెర్మా కనిపెట్టిన ఒక సూత్రం కలపాలి. బేసి ప్రధాన సంఖ్య ఏదైనా తీసుకుని ఇలా రెట్టింపులు చేస్తూ వెళ్తే, ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ మెట్ల దగ్గర తప్పకుండా 1కి చేరతాం. 23కి ఆ మెట్టు 22. ఇప్పుడు రెండూ కలిపి చూడండి. చక్రం 11 మెట్లకు ఒకసారి 1కి వస్తుంది. 22వ మెట్టు దగ్గరా 1 ఉండాలి. అలా ఉండాలంటే 22 అనేది 11కి గుణిజం కావాలి. అయింది కూడా. 11 ప్రధాన సంఖ్య కాబట్టి చక్రం అంతకన్నా పొట్టిగా ఉండే అవకాశం లేదు. అంటే 2¹¹ − 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానిలోంచి 1 తీసేస్తే 11 ఎక్కంలో పోవాలి. పైగా అది బేసి సంఖ్య కాబట్టి 1 తీస్తే సరిసంఖ్య. రెండూ కలిపితే 22 ఎక్కంలో పోవాలి. కాబట్టి 2047కు వెతకాల్సినవి 23, 45, 67 ఇలాంటివే. వర్గమూలం 45.2. మొదటిది 23. పని అక్కడే అయిపోయింది.

కటాల్డి తప్పిన 2²³ − 1కి ఇదే లెక్క వేస్తే, వెతకాల్సినవి 46 గుణిజాలకు ఒకటి కలిపినవి. అందులో మొట్టమొదటిది 47. ఈ సంగతి తెలిసుంటే ఒక్క భాగహారంతో బయటపడేది.

ఇంకో వడపోత కూడా ఉంది. దాని వెనకున్న రుజువు కొంచెం లోతైనది కాబట్టి ఫలితం మాత్రం చెప్తాను. బేసి ప్రధాన ఘాతం ఉన్న ఇలాంటి సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్యను 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి, 3 గానీ 5 గానీ రాకూడదు. 23ను, 89ను చూసుకోండి. మొదటిదానికి 7, రెండోదానికి 1.

ఈ రెండు వడపోతలూ 2¹³ − 1 మీద, అంటే 8191 మీద వేసి చూడండి. దీని వర్గమూలం 90.5. మామూలుగా అయితే 90 లోపు ప్రధాన సంఖ్యలు 24 ఉన్నాయి, 24 భాగహారాలు చెయ్యాలి. మొదటి వడపోత ప్రకారం 26 గుణిజాలకు ఒకటి కలిపినవే చూడాలి. అవి 27, 53, 79 మాత్రమే, తర్వాతది 105, అది గోడ దాటిపోతుంది. 27 ప్రధానం కాదు. 53ను 8తో భాగిస్తే 5 మిగులుతుంది, అది కుదరదు. మిగిలింది 79 ఒక్కటే. 79 ఇంటూ 103 అంటే 8137. 8191లోంచి తీసేస్తే 54 మిగిలింది. సున్నా కాదు. 8191 ప్రధాన సంఖ్య. ఒకే ఒక్క భాగహారంతో తేలిపోయింది! నేను దీన్ని మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు ఏదో మెట్టు వదిలేశానని అనుమానమొచ్చి మళ్లీ మొదటినుంచి చేశాను. వదల్లేదు.

ఇప్పుడు ఆయిలర్ సంఖ్యకు రండి. ఘాతం 31. మొదటి వడపోత 62 గుణిజాలకు ఒకటి కలిపినవి మాత్రమే అంటుంది. రెండో వడపోత 8తో శేషం 1 లేదా 7 అంటుంది. రెండూ కలిపితే మిగిలేవి రెండే వరసలు. 248 గుణిజానికి 1 కలిపినవి ఒక వరస, 63 కలిపినవి ఇంకో వరస. మొదటి వరస 249, 497, 745 అలా పోతుంది. రెండో వరస 311, 559, 807 అలా పోతుంది. 46,340 దాకా వెళ్తే ఒక్కో వరసలో 186 సంఖ్యలున్నాయి. మొత్తం 372. ఇందులో ప్రధానాలు కానివాటిని కూడా ఏరేస్తే భాగహారాలు ఇంకా చాలా తగ్గుతాయి. 249ను చూడగానే మూడో ఎక్కంలో పోతుందని తెలిసిపోతుంది, దానితో భాగించి సమయం వృథా చెయ్యక్కర్లేదు. 497 ఏడో ఎక్కంలో పోతుంది. 745 చివర 5 ఉంది. ఇలా పోగా మిగిలినవాటితో భాగించి, ఎక్కడా సున్నా రాలేదని చూసుకుని, ఆయిలర్ గోడను తాకాడు.

అప్పటి నుంచి నూరేళ్ల వరకూ ఈ వరస సంఖ్యల్లో ఇంతకన్నా పెద్దది ప్రధానమని ఎవరూ చూపించలేదు. 1876లో ఎడ్వర్డ్ లూకా 2¹²⁷ − 1 ప్రధానమని చూపించాడు. అది 39 అంకెల సంఖ్య. దాని వర్గమూలమే ఇరవై అంకెలది. అక్కడ భాగహారాల పద్ధతి పనికిరాదు, అందుకే లూకా పూర్తిగా వేరే దారి పట్టాడు.

ఆయిలర్ సంఖ్యకు మన కాలంలో అనుకోని ఇంకో కథ ఉంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో పూర్ణాంకానికి 32 బిట్ల చోటు ఇస్తారు. గుర్తు కోసం ఒక బిట్ పోగా 31 మిగులుతాయి. ఆ చోట్లో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా 2³¹ − 1. అంటే ఆయిలర్ సంఖ్యే. ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో దాదాపు ప్రతి విద్యార్థీ రాసే ఈ జావా ప్రోగ్రామ్ చూడండి.

```java
static boolean isPrime(int n) {
    if (n < 2) return false;
    for (int i = 2; i * i <= n; i++)
        if (n % i == 0) return false;
    return true;
}
```

ఇందులో `i * i <= n` అన్న షరతే మన గోడ. వర్గమూలం కనుక్కునే బదులు భాజకాన్ని దానితోనే గుణించి చూస్తోంది. సమానం గుర్తు కూడా ఉంది కాబట్టి 1681 లాంటి నలుచదరాల దగ్గర తప్పు రాదు. 2021 ఇచ్చినా, 8191 ఇచ్చినా, కోట్ల సంఖ్యలు ఇచ్చినా సరైన జవాబే వస్తుంది. 2147483647 ఇవ్వండి. కళ్లార్పేలోపు రావాల్సిన జవాబు కోసం కాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది. చివరికి `false` అని వస్తుంది. అంటే ఆయిలర్ రుజువు చేసిన సంఖ్యను ప్రధానం కాదంటోంది.

ఏం జరిగిందో 46,341 దగ్గర నిలబడి చూడాలి. భాజకం 46,340 అయినప్పుడు దాని వర్గం 2,14,73,95,600. ఇది పరిమితికి లోపలే ఉంది. 46,341 అవగానే వర్గం 2,14,74,88,281. ఆగాల్సింది ఇక్కడే. కానీ ఈ సంఖ్య 32 బిట్ల చోట్లో పట్టదు. కొలపాత్ర నిండి పొర్లినట్టు, లెక్క అవతలి వైపు తిరిగి −2,14,74,79,015 అవుతుంది. రుణసంఖ్య ఎప్పుడూ చిన్నదే కాబట్టి షరతు నిజమైపోతుంది, ప్రోగ్రామ్ గోడను చూడకుండానే దాటేస్తుంది. తర్వాత ఏ వర్గం వచ్చినా అది ఆ చోట్లో పట్టే సంఖ్యగానే మారుతుంది, ఆ చోట్లో పట్టే అతి పెద్దదే మన n. కాబట్టి షరతు ఎప్పటికీ అబద్ధం కాదు. భాజకం పెరుగుతూ పెరుగుతూ రెండు వందల కోట్లు దాటి చివరికి n దగ్గరికే వస్తుంది. n ను n తో భాగిస్తే శేషం సున్నా. "భాజకం దొరికింది" అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

సవరణ చాలా చిన్నది. `i * i <= n` బదులు `i <= n / i` అని రాస్తే చాలు. గుణకారం లేదు కాబట్టి పొర్లడం ఉండదు. భాజకం 46,340 అయినప్పుడు భాగఫలం 46,341, కాబట్టి ముందుకెళ్తుంది. భాజకం 46,341 అయినప్పుడు భాగఫలం 46,340, కాబట్టి ఆగిపోతుంది. ఏ ప్రోగ్రామ్ అయినా ఈ పరీక్ష సరిగ్గా చేస్తోందో లేదో చూడాలంటే నేను మూడు సంఖ్యలు ఇస్తాను. 2021, 1681, 2147483647. మొదటిది తొందరగా ఆగేవాటిని పట్టిస్తుంది, రెండోది గోడకు ఒక అడుగు ఇవతల ఆగేవాటిని, మూడోది గోడ దాటిపోయేవాటిని.

కంప్యూటర్ ఎంత వేగమైనదైనా ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. సంఖ్యలో రెండు అంకెలు పెరిగితే వర్గమూలం పదింతలవుతుంది, పని కూడా పదింతలవుతుంది. సెకనుకు పది కోట్ల భాగహారాలు చేసే యంత్రం ఉందనుకుందాం. ఇరవై అంకెల సంఖ్యకు వర్గమూలం వెయ్యి కోట్ల దగ్గర ఉంటుంది, కాబట్టి నూరు సెకన్లలో తేలిపోతుంది. ముప్పై అంకెలైతే నాలుగు నెలలు పడుతుంది. నలభై అంకెలైతే ముప్పై వేల సంవత్సరాలు దాటిపోతుంది. బేసి సంఖ్యలనే చూసినా, ప్రధానాలనే చూసినా ఈ లెక్క కొంత తగ్గుతుందే తప్ప దాని పెరుగుదల తీరు మారదు. ఆయిలర్ వేసిన వడపోతలు కూడా ఘాతం రూపంలో ఉన్న ప్రత్యేక సంఖ్యలకే పనిచేస్తాయి. ఏదో ఒక నలభై అంకెల సంఖ్యను ఇస్తే దాని భాజకాలు ఏ వరసలో ఉంటాయో ముందే చెప్పే దారి లేదు.

బ్యాంకు లావాదేవీల భద్రతకు వాడే ప్రధాన సంఖ్యలు మూడు వందల అంకెల పైచిలుకు ఉంటాయి. వాటిని భాజకాల కోసం వెతకని వేరే పరీక్షలతో తేలుస్తారు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా ఇలాంటి పరీక్ష సహేతుకమైన సమయంలో, అనుమానానికి తావు లేకుండా చెయ్యవచ్చని రుజువు చేశారు. సంఖ్య ప్రధానం కాదని ఆ పరీక్ష చెప్పగలదు గానీ, దాని భాజకాలేవో చెప్పదు. 2021 ప్రధానం కాదని చెప్పడంతో పాటు 43ను చేతిలో పెట్టేది భాగహారమే.

అంత పెద్ద సంఖ్యల దగ్గర కూడా మొదటి అడుగు భాగహారంతోనే పడుతుంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న సంఖ్యలు వందైతే, 2, 3, 5, 7తో భాగించేసరికే సుమారు 77 రాలిపోతాయి. వంద లోపు ప్రధానాలన్నిటితో భాగిస్తే మిగిలేవి దాదాపు పన్నెండే. బరువైన పరీక్షలు ఆ పన్నెండింటి మీదే చేస్తారు. మూడు వందల అంకెల సంఖ్య మీద మా మేనకోడలు అప్పుడు వేసిన ఎనిమిది భాగహారాలు వేస్తే ప్రతి వందలో 83 అక్కడికక్కడే పోతాయి. మిగిలిన 17 గురించి ఆ ఎనిమిదీ ఏమీ చెప్పవు, 2021 ఆ పదిహేడింటిలోదే.